నాలుగు సూదుల అల్లికలో నిచ్చెనలు పడకుండా
(ఉగాది సందర్భంగా జరిగిన మహిళల సమావేశంలో చేసిన ప్రసంగం)



ఉగాది పూట, వేపపూత రాలుతున్న ఎండలో, ఊలు మేజోళ్లను గురించి మాట్లాడతానంటే మీలో కొందరు నవ్వుకుంటున్నారు. నవ్వండి, తప్పులేదు. కాని మన కోలారు బంగారు గనుల ప్రాంతం సముద్రమట్టానికి 2,800 అడుగుల ఎత్తున ఉన్నది. మార్గశిరం వచ్చేసరికి తెల్లవారుజామున మారికుప్పం స్టేషనులో బెంగుళూరు బండికోసం నిలబడేవాళ్లకు పాదాలు ఎట్లా కొయ్యబారతాయో వాళ్లనే అడగండి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన తర్వాత ఆ బండి ఎక్కేవాళ్లు మన ఇళ్లలో ఎంతమందో మీకు తెలుసు. ఇంటిపని చూసుకుంటూ తీరిక దొరికినప్పుడు అల్లేవాళ్లం మనం. ఇప్పుడు మొదలుపెడితేనే చలికి ముందు రెండు మూడు జతలు పూర్తవుతాయి.

నేను ఉపన్యాసకురాలిని కాను. నాకు తెలిసిన ఒక్క చిన్న సంగతి చెప్పి కూర్చుంటాను. రెండువైపులా మొనలున్న సూదులతో గుండ్రంగా అల్లేటప్పుడు, ఒక సూది అయిపోయి ఇంకో సూది మొదలయ్యే చోట అడ్డపోగులు వదులుగా సాగి, కిందనుంచి పైదాకా నిచ్చెన మెట్లలాగా కనబడతాయి. అల్లేవాళ్లందరూ దీన్ని నిచ్చెన అనే అంటారు. గనిలో పనిచేసిన మన మగవాళ్లకు నిచ్చెన ఎంత గట్టిగా ఉంటే అంత మేలు. మన మేజోళ్లలో మాత్రం అది ఉండనే కూడదు. ఎందుకు కూడదో, ఎట్లా పోగొట్టాలో మా వీధిలో జరిగిన సంగతితోనే చెబుతాను.

మా వీధిలో ఒక పెద్దమ్మ ఉన్నారు. ఆమె భర్త గనిలో ముప్పై ఏళ్లకు పైగా దిగి ఎక్కినవారు. ఇప్పుడాయనకు చక్కెర జబ్బు. పాదాలకు స్పర్శ బాగా తగ్గిపోయింది. బజారులో కొన్న మేజోళ్లకు వేళ్ల దగ్గర లావుపాటి కుట్టు ఉంటుంది, పైన బిగువైన రబ్బరు ఉంటుంది. ఆ రెండూ ఆయనకు పనికిరావని డాక్టరుగారు చెప్పారట. అందుకని పెద్దమ్మ తానే అల్లడం మొదలుపెట్టింది. గుండ్రంగా అల్లిన మేజోటికి పక్క అతుకు ఉండదు గదా. నాలుగు సూదుల అల్లిక గొప్పతనమంతా అక్కడే ఉంది. చదరంగా అల్లి అంచులు కలిపి కుడితే లోపల ఒక గట్టు మిగులుతుంది. సూదులను చుట్టూ తిప్పుతూ అల్లితే గట్టన్నది ఉండదు.

ఒకరోజు ఆమె మేజోడు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. చిటికెనవేలు ఉండే చోట నెత్తురు మరక ఎండిపోయి ఉంది.

"ఏమే అమ్మాయీ, ఇది చూడు. లోపల ఈ పోగు సాగి ఉంది గదా, మీ పెదనాన్న కాలిగోరు దీంట్లో తగులుకుంది. మేజోడు గుంజితే గోరు లేచొచ్చింది. ఆయనకు తెలియనే లేదు. మేజోడు విప్పినాక నేను చూసినాను."

"ఎన్నిచోట్ల ఇట్లా సాగింది పెద్దమ్మా?"

"మూడుచోట్ల. మూడు గీతలు, పైనుంచి వేళ్లదాకా. ఎంత గట్టిగా లాగి అల్లినా ఇంతే."

మామూలు కాలికైతే ఆ నిచ్చెన వల్ల చూపుకు బాగుండదు, గాలి దూరుతుంది, ముందుగా అక్కడే చిరుగుతుంది. అంతవరకే. స్పర్శలేని కాలికి అది గాయం. అందుకని ఆ మధ్యాహ్నం ఇద్దరం కూర్చుని ఆ మేజోడును తిరగేసి, వెలుగుకు పట్టి, ఒక్కొక్క గీతనూ పరీక్ష చేశాము.

మొదట నిర్ధారణ చేసుకోవలసింది ఏమంటే, అది మలుపు దగ్గర పడిన నిచ్చెనా, లేక కుట్టు జారిపోయి పడిన నిచ్చెనా అన్నది. రెండూ చూడటానికి ఒకటే. కుట్టు జారితే ఆ గీత అడుగున ఎక్కడో ఒక ఉచ్చు ఒంటరిగా తెరుచుకుని ఉంటుంది. బట్టను అడ్డంగా లాగితే అది ఇంకా కిందికి జారుతుంది. మలుపు నిచ్చెనకు అడుగున ఉచ్చు ఉండదు, లాగినా జారదు, కుట్ల లెక్క సరిగానే ఉంటుంది. పెద్దమ్మ మేజోటిలో 64 కుట్లు వేసింది, లెక్కపెడితే 64 ఉన్నవి. అంచేత తప్పు మలుపులదే.

మలుపులో పోగు ఎందుకు సాగుతుంది? సూదిమీద పక్కపక్కన ఉన్న రెండు కుట్లను చూడండి. ఒక కుట్టునుంచి రెండవ కుట్టుకు పోగు నేరుగా, దగ్గరగా పోతుంది. సూది మారే చోట మొదటి సూది చివరి కుట్టు ఒక దిక్కుకు, రెండవ సూది మొదటి కుట్టు ఇంకో దిక్కుకు తిరిగి ఉంటాయి. ఆ రెండింటి నడుమ మూల ఒకటి ఉన్నది. పోగు ఆ మూల చుట్టి పోవాలి, కాబట్టి పొడుగు ఎక్కువ తీసుకుంటుంది. సూదులు తీసేసిన తర్వాత మూల పోతుంది గాని, తీసుకున్న పొడుగు ఎక్కడికీ పోదు, అక్కడే వేలాడుతుంది. ప్రతి చుట్టులోనూ అదే చోట ఇది జరిగితే మెట్టుమీద మెట్టు పడి నిచ్చెన అవుతుంది.

ఇప్పుడు పెద్దమ్మ సూదులు చూశాము. అవి సైకిలు చువ్వలు. మీలో చాలామంది ఇళ్లలో ఇవే ఉంటాయని నాకు తెలుసు. మంచి పనే. మామూలు సైకిలు చువ్వ 14 గేజీది, 2 మిల్లీమీటర్ల మందం. అంగడిలో పాత ఇంగ్లీషు లెక్క ప్రకారం 14వ నంబరు సూది అన్నా అదే 2 మిల్లీమీటర్లు. సన్నని ఊలుతో మేజోళ్లకు అది బాగా సరిపోతుంది. కాని ఆమె చువ్వను పొడుగునా అట్లాగే ఉంచేసింది, సుమారు 11 అంగుళాలు. సూదిమీద కుట్లు ఆక్రమించేది రెండు మూడు అంగుళాలే. మిగిలిన ఇనుమంతా రెండువైపులా వేలాడుతూ, చేతిలో లేని సూదులు తమ బరువుతో మలుపులను కిందికి గుంజుతూ ఉంటవి. పైగా ఆమె వాడినవి నాలుగే చువ్వలు. అంటే మూడింటిమీద కుట్లు, ఒకటి చేతిలో. మూడు సూదులతో ముక్కోణం అవుతుంది. ముక్కోణం మూల చతురం మూలకంటే ఇరుకు, పోగు అక్కడ ఎక్కువగా మెలిక తిరగాలి. నాలుగింటిమీద కుట్లు వేసి అయిదవదానితో అల్లితే మలుపులు ఒకటి ఎక్కువైనా, ఒక్కొక్క మలుపు నెమ్మదిగా ఉంటుంది. మూడు పెద్ద నిచ్చెనలకంటే నాలుగు చిన్నవి నయం, చిన్నవి పోగొట్టడం తేలిక. నాలుగు సూదుల సెట్టే చాలునని వాదించేవాళ్లు ఉన్నారు. వాళ్ల చేతివాటం వాళ్లది, నేనైతే అయిదే కావాలంటాను.

అందుకని మూడు కొత్త చువ్వలు తెప్పించాము. వంపు ఉన్న తల, మర చుట్టు ఉన్న కొన, రెండూ తీసేసి మిగిలినదాన్ని సగానికి కోయించాము. అయిదున్నర అంగుళాల చొప్పున ఆరు సూదులు వచ్చినవి, ఒకటి పోయినా ఇంకా అయిదు ఉంటవి. మర చుట్టు కొంచెం కూడా మిగలకూడదు, ఊలు దాంట్లో చిక్కుకుంటుంది. కొనలను ఆకురాయితో సన్నగా చేసి, గరుకు కాగితంతో రుద్ది, చీరచెంగుమీద గీసి చూశాము. పోగు లేవకపోతే సూది తయారైనట్టు.

తర్వాత రిబ్బు పట్టీ చూశాము. ఇక్కడే నాకు భలే సంగతి ఒకటి దొరికింది. పెద్దమ్మ రెండు నిట్టు, రెండు పర్లు వేసే రిబ్బు అల్లింది. 64 కుట్లను మూడు సూదులమీద 21, 21, 22గా పంచింది. మూడు గీతలూ ఒక్కలాగా లేవు. ఒకటి బాగా వెడల్పు, ఒకటి మధ్యరకం, ఒకటి వెతికితేగాని కనపడదు. లెక్కవేసి చూడండి. నాలుగేసి కుట్లకు ఒక రిబ్బు. మొదటి సూదిమీద 21 అంటే అయిదు రిబ్బులు పోగా ఒక నిట్టు మిగులుతుంది. దాని జత నిట్టు రెండవ సూదిమీదికి పోయింది. అంటే మలుపు సరిగ్గా రెండు నిట్ల నడుమ, ఎత్తుగా కనబడే చోట పడింది. రెండవ సూది ముగిసేసరికి 42 కుట్లు, మూడవ సూది పర్లుతో మొదలవుతుంది. పర్లు వేయాలంటే పోగును వెనుకనుంచి ముందుకు తేవాలి గదా. మూల చుట్టిరావడానికి ఒక పొడుగు, ముందుకు రావడానికి ఇంకో పొడుగు. వెడల్పైన నిచ్చెన అదే. మూడవ సూది ముగిసి మొదటిదానికి వచ్చే చోట పర్లు అయిపోయి నిట్టు మొదలవుతుంది. ఆ సందు రిబ్బు పల్లంలో దాక్కున్నది. కనపడని గీత అది.

కాబట్టి ఏ సూదీ పర్లుతో మొదలుకాకూడదు. రిబ్బు నడుమ విరగకూడదు. ప్రతి సూదీ రెండు నిట్లతో మొదలై రెండు పర్లతో ముగియాలి. 64ను నాలుగు సూదులకు పంచితే పదహారేసి, ఒక్కొక్కదానిమీద నిండుగా నాలుగు రిబ్బులు. ఇంత చక్కగా కుదిరే సంఖ్య ఇంకొకటి లేదనుకుంటాను. మీరు 60 కుట్లు వేసేవాళ్లయితే పదిహేనేసి పంచకండి. 16, 16, 16, 12గా పంచండి. సూదులమీద కుట్లు సమానంగా ఉండి తీరాలన్న నియమం ఎక్కడా లేదు.

ఇక చేతి సంగతి. పెద్దమ్మ అందరిలాగానే కొత్త సూదిమీద మొదటి కుట్టు వేయగానే బలంగా లాగేది. అందరూ ఇదే చెబుతారు, నేనూ చిన్నప్పుడు ఇదే నేర్చుకున్నాను. ఇది సగం మాటే. మొదటి కుట్టు వేసి లాగినప్పుడు ఆ ఉచ్చు చేతిలో సూదిమీద ఒంటరిగా ఉంటుంది. దానికి అటువైపు ఆధారం లేదు. మీరు చేయి సడలించి, సూది తిప్పుకుని, రెండవ కుట్టులో గుచ్చేలోగా అది మళ్లీ వదులవుతుంది. బిగించింది బిగించినట్టు నిలవదు. అందుకని మొదటి కుట్టును మామూలుగా, నిదానంగా వేయండి. రెండవ కుట్టులో సూది గుచ్చండి. పోగు చుట్టే ముందు, అప్పుడు ఒక్కసారి పోగును మెత్తగా లాగండి. సూది కొన రెండవ కుట్టులో నిలబడి ఉన్నది గనుక మొదటి కుట్టు ఎటూ కదలదు. మలుపులో ఉన్న అదనపు పోగు మొదటి కుట్టుగుండా జారి చేతిలోకి వస్తుంది. అప్పుడు పోగు చుట్టి రెండవది పూర్తిచేయండి. మూడవ కుట్టునుంచి మామూలే.

ఈ లాగేటప్పుడే చూసుకోవలసింది ఇంకొకటి ఉన్నది. అల్లి వదిలిన సూదిలో చివరి కుట్టును దాని మొనకు దగ్గరగా తోయండి. కొత్తగా అల్లబోయే సూది మొనను దానికి ఆనించినట్టుగా దగ్గరకు తెండి. రెండు కుట్లూ ఒకదానికొకటి తగులుతున్నట్టు ఉండాలి. చేతిలోని ఖాళీ సూది ఆ పాత సూదికి పైనుంచి రావాలా, కిందనుంచి రావాలా అని అడుగుతారు. మీ చేతికి ఎట్లా అనుకూలమైతే అట్లా, కాని అన్ని చుట్లలోనూ ఒకే రీతిగా ఉండాలి. ఒకసారి పైన, ఒకసారి కింద అయితే మెట్లు ఎగుడుదిగుడు అవుతవి.

ఎంత బలంగా లాగాలి? ఇక్కడ పెద్దమ్మకు నేను గట్టిగా చెప్పవలసి వచ్చింది. ఆమె చేసే లాగుడుకు నిచ్చెన పక్కనే ఉన్న నిలువు వరుస మొత్తం చిన్నబోయి, తాడు లాగా గట్టిపడింది. వేలితో తడిమితే తెలుస్తున్నది. వదులు గీత పక్కన బిగువు గీత! స్పర్శలేని పాదానికి ఇది కూడా ఒత్తుకుంటుంది. సూదిమీద కుట్టు సులభంగా జరిగేంత బిగువు చాలు. సూదిని తీయడానికి బలం పెట్టవలసి వస్తే అది ఎక్కువైనట్టు.

ఇంతవరకూ చేస్తే నిచ్చెన ముప్పాతిక పోతుంది. మిగిలిన పాతిక పోవాలంటే మలుపును ఒకే చోట ఉండనివ్వకూడదు. రిబ్బు పట్టీ అయిపోయి సాదా నిట్టు మొదలైన తర్వాత ప్రతి సూది చివరా తర్వాతి సూదినుంచి మూడేసి కుట్లు అదనంగా అల్లుకోండి. అంటే మొదటి సూదిమీద 16 వేసి, రెండవ సూదినుంచి 3 కుట్లు కూడా అదే సూదిమీదికి అల్లండి. రెండవ సూదిమీద 13 మిగులుతవి, అవి అల్లి, మూడవదానినుంచి 3 తీసుకోండి. ఇట్లా పోతే మొదటి సూదిమీద కాసేపు 19 కనపడతవి, భయపడకండి. నాలుగవ సూది చివర దానినుంచి మూడు తీసుకోగానే మళ్లీ అన్నీ పదహారే. మలుపులన్నీ మూడు కుట్లు ముందుకు జరిగినవి.

"దీనివల్ల వదులు పోతుందా అమ్మాయీ, చోటు మారుతుందే గాని?" అని పెద్దమ్మ అడిగింది. సరైన ప్రశ్న. వదులు పోదు, పంపకం అవుతుంది. ఆమె అల్లేది అంగుళానికి 8 కుట్లు. కాలి భాగంలో సాదా నిట్టు 48 చుట్లు వేస్తుంది. చుట్టుకు నాలుగు మలుపులు, 48 చుట్లకు 192 మలుపులు. మలుపు కదలకపోతే ఆ 192 వదులు పోగులూ నాలుగే చోట్ల, ఒక్కొక్క చోట 48 మెట్లుగా పేరుకుంటవి. మూడేసి జరిపితే 64 సందులలోనూ ఒక్కొక్క సందుకు మూడేసి మాత్రమే వస్తవి. అవీ వరసగా రావు. ఒకసారి వదులైన సందు మళ్లీ 16 చుట్ల తర్వాతగాని మలుపు కాదు. నడుమనున్న పదిహేను చుట్ల మంచి కుట్లు ఆ కాస్త వదులునూ తమలోకి లాగేసుకుంటవి.

మూడే ఎందుకు, రెండో నాలుగో కాకూడదా? సూదికి 16 ఉన్నప్పుడు నాలుగేసి జరిపితే మలుపులు నాలుగు చుట్లకే పాత చోట్లకు వచ్చేస్తవి. రెండేసి జరిపితే ఎనిమిది చుట్లకు వస్తవి, పైగా సగం సందులకు వంతే రాదు. 16ను మూడు సరిగ్గా భాగించదు, అందుకనే అన్ని సందులకూ వంతు వస్తుంది. అదే సూదికి 15 ఉంటే మూడు పనికిరాదు, అయిదు చుట్లకే తిరిగి వస్తుంది. అప్పుడు రెండు జరపాలి. ఒక్కొక్కటే జరిపితే లెక్క కుదురుతుంది గాని, పక్కపక్క సందులు వరసగా వదులై బట్టమీద ఏటవాలుగా గీత కనిపిస్తుంది. సూదిమీది లెక్కతో ఒకటి తప్ప ఉమ్మడి భాజకం లేని చిన్న సంఖ్య ఏదో చూసి పెట్టుకోండి.

దీంట్లో చిక్కు ఒకటే. చుట్టు మొదలు ఎక్కడో పోగొట్టుకుంటాము. సూదిమీద ఉంగరం వేసే అలవాటున్నవాళ్లకు మలుపు దానిదగ్గరకు వచ్చినప్పుడు అది జారి పడిపోతుంది. మడమ వెనుక భాగం నడుమ కుట్టుకు, సూదికింద ఉన్న బట్టలోనే ఒక పిన్నీసు తగిలించండి. అయిదారు చుట్లకొకసారి పైకి మార్చండి. మలుపులు ఎటు తిరిగినా మడమ ఎక్కడో అదే చెబుతుంది. 16 చుట్లకు మలుపులు మళ్లీ మొదటి స్థానాలకే చేరుతవి గదా. 48 చుట్లు అంటే మూడు ఆవృత్తులు. మడమ మొదలుపెట్టే వేళకు సూదులు వాటంతట అవే రిబ్బు దగ్గర మొదలైన చోట్లకే వచ్చి నిలుస్తవి. పిన్నీసుకు రెండువైపులా ఉన్న రెండు సూదుల 32 కుట్లు మడమకు తీసుకోవచ్చు. మీ కాలి పొడుగు వేరైతే 32 గాని, 64 గాని చుట్లు పెట్టుకోండి, మడమకు ముందు తిప్పలుండవు.

రిబ్బు పట్టీలో ఈ జరపడం వద్దు, రిబ్బు వరస చెదురుతుంది. అక్కడ రెండవ కుట్టు దగ్గర లాగడం, సూదిని నిట్టుతో మొదలుపెట్టడం చాలును. మడమ తిప్పిన తర్వాత పక్కల కుట్లు తగ్గించే పది పన్నెండు చుట్లలోనూ సూదులు కదపకూడదు, తగ్గింపులు సూది చివరల లెక్కతో సాగుతవి. తగ్గింపులు పూర్తయి తిరిగి 64 కాగానే పాదం పొడుగునా మళ్లీ మూడేసి జరపండి. పెదనాన్న గోరు తగులుకున్నది ఇక్కడే, కాబట్టి పాదం భాగంలో అశ్రద్ధ పనికిరాదు. వేళ్ల కొనదగ్గర తగ్గింపులు మొదలైతే మళ్లీ ఆపేయండి.

నాలుగైదు సూదుల గొడవే లేకుండా పొడుగాటి తీగ సూది ఒకదానితో అల్లవచ్చునని ఇప్పటి పిల్లలు చెబుతారు. అల్లవచ్చు. దాంట్లోనూ తీగ బయటికి లాగే రెండు చోట్ల మలుపులుంటవి, నిచ్చెనలూ పడతవి. మందు కూడా ఇదే. ఈ రోగం కొత్తదీ కాదు. జర్మనీలో హాంబర్గు పట్టణపు చిత్రశాలలో దాదాపు 1400 నాటి పటం ఒకటి ఉంది, మాస్టర్ బెర్ట్రాం అనే చిత్రకారుడిది. అందులో మేరీమాత కూర్చుని చిన్న అంగీని ఇట్లాగే సూదులు గుండ్రంగా పెట్టి అల్లుతున్నది. అంటే ఆరు వందల ఏళ్లకు పైగా ఆడవాళ్లు ఈ మూలలు తిప్పుతూనే ఉన్నారన్నమాట.

అల్లిన తర్వాత కొంచెం వదులు కనిపిస్తే తొందరపడి విప్పకండి. ఊలు అయితే గోరువెచ్చని సబ్బునీటిలో కాసేపు నానబెట్టి, తువ్వాలులో చుట్టి ఒత్తి, అడ్డంగా ఒకసారి నిలువుగా ఒకసారి మెత్తగా లాగి, నీడన పరచండి. స్వల్పమైన వదులు సర్దుకుంటుంది. నూలుదారానికి ఈ గుణం లేదు, అది సాగినచోటే ఉంటుంది. కాబట్టి నూలు మేజోళ్లు అల్లేవాళ్లు మొదటినుంచీ జాగ్రత్తపడాలి. ఇప్పటికే నిచ్చెన పడిన పాత మేజోడు ఉంటే, మొండిమొన సూదితో లోపలివైపునుంచి ఒక్కొక్క మెట్టులోని వదులును పక్కనున్న మూడు నాలుగు కుట్లలోకి కొంచెం కొంచెంగా జరపండి. 48 మెట్లకు ఒక సాయంత్రం పడుతుంది. మెట్లు మరీ వెడల్పైతే అడుగునుంచి క్రోషా కొంకితో ఒక్కొక్క మెట్టును ఎత్తి కొత్త నిలువు వరుసగా అల్లేయవచ్చు, పైన చివరి ఉచ్చును దారంతో కట్టేయాలి. కాని మెట్టులో ఒక కుట్టుకు సరిపడే పోగు ఉండదు, ఆ వరుస బిగిసి గట్టులాగా తేలుతుంది. బండికి పోయే పిల్లవాడికి పరవాలేదు. పెదనాన్నకు వద్దని ఆ జత పక్కన పెట్టించాను.

కొత్త జత అల్లడానికి పెద్దమ్మకు నెల పట్టింది. మొదటి మేజోటిలో రిబ్బుకింద రెండంగుళాలదాకా ఒక గీత సన్నగా కనపడుతుంది. మూడేసి జరపడం ఆమె అక్కడినుంచి మొదలుపెట్టింది, మొదట నా మాట నమ్మలేదు. ఆ పైన గీత లేదు. రెండవ మేజోటిలో అసలే లేదు. లోపల చేయి పెట్టి, వేళ్లు విప్పి, చుట్టూ తిప్పి చూశాను. గోరుకు ఏమీ తగలలేదు.

పాతది ఒకటి, కొత్తది ఒకటి తెచ్చాను. ఈ వరసనుంచి మొదలుపెట్టి అందరూ చేతికి తీసుకుని, తిరగేసి కిటికీ వెలుగుకు పట్టి చూడండి. సూదులు, ఊలు కూడా ఇక్కడ బల్లమీద ఉన్నవి. రెండవ కుట్టు దగ్గర లాగడం నా చేతిలో చూడాలనుకునేవాళ్లు ముందుకు రండి.